మాజిద్ చెప్పని సంగతి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పన్నెండు రోజులైంది. బస్సులు డిపో దాటడం లేదు. బడికి తాళం, ఆఫీసులకు తాళం. గూడూరు సెంటర్‌లో ఎల్లుండి వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, అక్కడే బంతి కూర్చొని తినాలి. పొద్దంతా ఒక్క బండి కదలకూడదు. వెయ్యిమందికి అన్నం పెట్టే పని మాదేనని మహిళా సంఘం పెద్ద చిలుకమ్మ మీటింగులో లేచి చెయ్యెత్తింది. చప్పట్లు మోగాయి. ఆ మోత చెవుల్లో ఉండగానే ఆమెకు గిన్నెల సంగతి గుర్తొచ్చింది.

చుట్టుపక్కల ప్రతి మండలంలో అదే రోజు వంటావార్పు. టెంట్‌హౌసుల్లో ఒక్క బగోనా మిగలలేదు. ఇక మిగిలినవి వంటల మాజిద్ ఇంట్లో ఉన్న నాలుగు పెద్ద రాగి డేగిసాలు. ఒక్కోదానిలో ఇద్దరు మనుషులు కూర్చోవచ్చు. జూన్‌లో జరిగిన మొదటి వంటావార్పుకు ఆయన అడగగానే ఇచ్చాడు. ఈసారి కబురు పంపితే "చూద్దాం" అన్నాడు. రెండోసారి పంపితే ఆ మాట కూడా రాలేదు.

"నేనొస్త పెద్దమ్మా. అడిగే తీరుల అడిగితె ఎట్ల ఇయ్యడో చూద్దాం" అని జేఏసీ పోశాలు కండువా సర్దుకొని బయలుదేరాడు. పోశాలుకు మైకు ఉన్నా లేకున్నా గొంతు ఒకటే.

మాజిద్ వాకిట్లో నులకమంచం మీద కూర్చొని కత్తులు నూరుకుంటున్నాడు. రమ్మని కుర్చీలేశాడు. చాయ్ చెప్పాడు. వానల గురించి, పత్తి చేలకు పట్టిన పురుగు గురించి బాగానే మాట్లాడాడు. కట్టెలు ఎక్కడివని తనే అడిగాడు. తండా నుంచి సంఘం మనిషి రుక్కి ట్రాక్టరు నిండా పంపుతుందంటే, "మద్ది కట్టె తెమ్మను, మంట నిలుస్తది" అని సలహా కూడా ఇచ్చాడు.

"అయితె డేగిసాలు రేపు పొద్దున తీస్కపోతం భాయ్" అన్నాడు పోశాలు.

మాజిద్ కత్తి అంచు చూసుకున్నాడు.

పోశాలుకు ఊరుకోవడం చేతకాదు. "కిరాయి గావాల్నా? ఇప్పిస్త" అన్నాడు. మాజిద్ ఇంకో కత్తి తీసుకున్నాడు. "ఫ్లెక్సీల నీ ఫోటో పెట్టిస్త. నడుమల పెద్దగ." మాజిద్ కత్తిని రాయి మీద గీశాడు. "స్టేజీ మీద శాలువ కప్పుత!" మాజిద్ రాయి మీద నీళ్లు చల్లుకున్నాడు. పోశాలు దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. దాంతో గొంతు మారింది. "గట్లనా! ఊరంత ఒకదిక్కు, నువ్వొక్కనివే ఒకదిక్కా? తెలంగాణ వద్దా నీకు? రేపు మీటింగుల నీ పేరు చెప్పాల్నా?"

మాజిద్ మొహం తలుపు వేసినట్టయింది. కత్తులు బట్టలో చుట్టుకొని, "నమాజ్ యాళ్లయింది" అంటూ లేచాడు.

దారిలో పోశాలు ఒకటే గొణుగుడు. "వాడు ఇచ్చేటోడు కాదు పెద్దమ్మా. గుండె అటు దిక్కున్నది."

"ఇయ్యనన్నడా?"

"అనాల్నా? నోరు మూసుకుంటె గదే మాట."

"గది మాట కాదు బిడ్డా, నువ్వు దానికి అర్థం తీసుకున్నవు" అంది చిలుకమ్మ. ఆమె ఇంకోటి చూసింది. కట్టెల గురించి ఆయన మాట్లాడాడు. పత్తి పురుగు గురించి మాట్లాడాడు. ఇవ్వద్దనుకున్నవాడు ఏ కట్టె తేవాలో ఎందుకు చెప్తాడు? డేగిసాల మాట వచ్చిన చోటే నోరు పడిపోయింది. అప్పుడు కూడా ఆయన చూపు పోశాలు మీద లేదు, చిలుకమ్మ చేతుల మీద ఉంది. "రేపు నేనొక్కదాన్నే పోత. నువ్వు రాకు. మీటింగుల ఆయన పేరెత్తితివా, నీ మైకు గుంజుకుంట."

"నేనేమన్నా తప్పు మాట్లాడిన్నా?"

"ఆయనను మాట్లాడనిస్తె గద, తప్పో ఒప్పో తెలిసేది!"

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి మాజిద్ భార్య బషీరున్నీసా చాట నిండా వెల్లుల్లి పోసుకొని కూర్చుంది. ఎవరింట్లోనో అఖీఖా, బిడ్డ పుట్టిన విందు, ఉందట; చిన్న గిన్నెలే చాలట. చిలుకమ్మ పలకరించి, పక్కనే చతికిలపడి, తనూ ఒక గడ్డ తీసుకొని పొట్టు వలవడం మొదలుపెట్టింది. కాసేపటికి మాజిద్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనా ఒక గడ్డ తీసుకున్నాడు. చేతిలో పని ఉంటే ఎదుటి మొహం చూడాల్సిన అవసరం ఉండదు.

"మాజిద్ తమ్మీ, నేనియ్యాల డేగిసాలు అడగనీకె రాలె" అంది చిలుకమ్మ. "నిన్న పోశాలు ఎక్కువ తక్కువ మాట్లాడిండు, గది మా తప్పు. డేగిసాలంటె నువ్వు ఊకుంటున్నవు. నువ్వు వద్దంటున్నవని నేను అనుకుంట లేను. ఏదో కారణముంటది. అవి ఇస్తె నీకేం కష్టమొస్తదో, గది తెల్సుకుందామని వచ్చిన."

మాజిద్ వెల్లుల్లి రెబ్బను తిప్పి తిప్పి చూశాడు.

చిలుకమ్మ నోట్లోకి పది మాటలు వచ్చాయి. రేపే కదా అని, నా పరువు పోతుందని, నీకు దండం పెడతానని. ఒక్కోదాన్నీ మింగింది. నాలుగు రెబ్బలు వలిచింది. ఎనిమిది వలిచింది. గోళ్లు మండుతున్నాయి. వాకిట్లో కోడి అటు నుంచి ఇటు నడిచింది. ఇన్నేళ్లలో ఆమె ఇంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది జ్వరమొచ్చినప్పుడే.

పన్నెండో రెబ్బ దగ్గర మాజిద్ దగ్గాడు. "కష్టమేం లేదక్కా" అన్నాడు. అని మళ్లీ ఆగిపోయాడు.

తలుపు సందంత తెరుచుకుంది. తోయకూడదు. "నాకు తోచింది చెప్త, తప్పయితె తప్పను" అంది చిలుకమ్మ. "పోలీసోళ్లు డేగిసాలు గుంజుకపోతరని భయమా?"

మాజిద్‌కు నవ్వొచ్చింది. "పోలీసోళ్లా? పోయినసారి ఎస్సై రెండు పళ్లాలు తిని, డబ్బాల కూడ పెట్టిచ్చుకపోయిండు."

"మరి, మీ గిన్నెల్ల వండితె మేం తినం అని ఎవరన్న అన్నరా? నాకు పేరు చెప్పు, వాని సంగతి నేను చూస్త."

"తౌబా! గా మాట ఎవ్వరనలె. ఊరంత తిన్నరు. గది కాదక్కా..."

"పోయినసారి ఇచ్చినప్పుడు ఏమన్న పాడైందా? సొట్ట పడ్డదా?"

"సొట్ట కాదు..." మాజిద్ తల వంచుకున్నాడు. బషీరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతో భుజాలు ఎగురుతున్నాయి. "చెప్పుండ్రి" అంది భర్తతో. "మూడు నెలల సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్నరు. గింత మంచిగ అడుగుతుంటె చెప్పనీకేమి?"

"డేగిసాలు ఎవరు తోమిండ్రక్కా?" అన్నాడు మాజిద్ నేల చూస్తూ.

చిలుకమ్మ వీపు నిటారుగా అయింది. "నేనే! చింతపండేసి, ఇసుకేసి, ఇటుకపొడేసి, ఇద్దరు ఆడోళ్లను లోపలికి దించి తోమిచ్చిన. లోపలంత నల్లగ, బూడిద రంగు మరక పట్టి ఉండె. ఎర్రగ బంగారంలెక్క వచ్చేదాక వదల్లే. ఊరోళ్లను పిలిచి చూపెట్టిన!"

"గది మరక కాదక్కా. కళాయి."

చిలుకమ్మ చేతిలో వెల్లుల్లి అక్కడే ఆగింది. పూరింట్లో పుట్టి, మట్టికుండలో, సిల్వర్ గిన్నెలో వండుకొని బతికిన మనిషి. రాగి గిన్నెకు లోపల తగరం పూత ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

"కళాయి లేని రాగిల పులుసు కాస్తె చిలుము కలుస్తది. వాంతులు, కడుపునొప్పి" అన్నాడు మాజిద్. మాట మొదలయ్యాక ఇక ఆగలేదు. "మహబూబాబాద్‌ల కళాయి అకీల్ తాన పోయించాలె. రంజాన్ అయినంక పంపుదామనుకున్న. అంతట్లనె సమ్మె వచ్చె, బండ్లు బందైనయి. ఇయ్యను అంటె తెలంగాణకు ఎదురు పోయిండంటరు. ఇస్తె, వెయ్యిమంది రోడ్డు మీద వాంతులు చేస్కుంటె ఎవరి పేరొస్తది? మాజిద్ గిన్నెలనె అంటరు గద! ఉన్నదున్నట్టు చెప్దామంటె, నీ పేరు చెప్పాల్నాయె. అంత సంబురంగ తోమితివి. నలుగుర్ల నిన్నెట్ల చిన్న చేయాలె?"

చిలుకమ్మ మొదట నోరు తెరిచింది. తర్వాత తన రెండు చేతులూ చూసుకుంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకోబోయి, వెల్లుల్లి వేళ్లు కంట్లో పెట్టుకొని ఏడ్చింది. బషీరున్నీసా నీళ్లు తెచ్చి మొహం కడిగింది.

"అంటె నా పరువు కోసం నీ పరువు పోగొట్టుకుంటున్నవు" అంది చిలుకమ్మ, ఒక కన్ను మూసుకొనే. "కళాయి లేదు, జనానికి ఏమన్నయితదని భయం. నా మొహం చూసి చెప్పలేకపోయినవు. గంతేనా? ఇంకేమన్న ఉన్నదా?"

"గంతే."

ఆ "గంతే" తొందరగా వచ్చింది. చిలుకమ్మ చాట తన వైపు లాక్కొని మళ్లీ వలవసాగింది. ఈసారి ఐదు రెబ్బలకే పని జరిగింది.

"ఇంకొక్కటి" అన్నాడు మాజిద్ గొంతు తగ్గించి. "ముప్ఫై ఏండ్ల సంది వండుతున్న. నర్సంపేట నుంచి బయ్యారం దాక నన్ను పిలుస్తరు. నా ఊర్ల నా డేగిసాలు అడిగిండ్రు గని, జర వచ్చి వండు మాజిద్ అని ఒక్కరనలె. బియ్యం నానపెట్టకుండ, ఎసరు మరగకముందె పోసిండ్రు. అన్నం గోడకేస్తె అంటుకునేటట్టయింది. అవతల నిలవడి చూసిన. నా గిన్నెల్ల గసొంటి అన్నం!"

చిలుకమ్మ ఈసారి నవ్వలేదు. ఆ రోజు తను కూడా ఆ అన్నం తిన్నది. బాగుందని ఆయనతోనే అన్నది.

"తమ్మీ, కళాయి నేను పోయిస్త, వంట నీదే. నువ్వు పెద్ద వంటోనివి, మేమంత నీ చేతికింద. నీకు సమ్మతమేనా?"

"ఉప్పు నా చెయ్యే ఎయ్యాలె."

"నీ చెయ్యే."

"మూత ఎవ్వరు తియ్యొద్దు."

"నేను కావలుంట."

ఆమె నేరుగా సంఘం ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, డేగిసాల కళాయి గీకింది తనేనని, మాజిద్ తప్పేమీ లేదని తనే చెప్పింది. లోపలికి దిగి తోమిన ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు. పోశాలు మాత్రం నవ్వలేదు. "ముందుగాల్నె చెప్పకపోయిండు" అని నసిగాడు.

"చెప్పనిచ్చినవా? ఫ్లెక్సీ అంటివి, శాలువ అంటివి! మోటర్‌సైకిల్ తీయి. మాబాద్ పోయి అకీల్‌ను తోలుకరా. జెండా కట్టుకొని పో, ఎవ్వరాపరు."

అకీల్ తగరం కడ్డీలు, నవసాగరం, కొలిమి తిత్తి మూటగట్టుకొని పోశాలు వెనక కూర్చొని వచ్చాడు. మాజిద్ ఇంటి వాకిట్లో నిప్పులు రగిలించి, డేగిసాలను ఒక్కోదాన్ని వేడిచేసి, తగరం పట్టేందుకు నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దాడు. పొద్దు వాలేసరికి నాలుగూ వెండిలా తెల్లగా మెరిశాయి. చిలుకమ్మ చేతులు వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడి చూసింది.

మర్నాడు సెంటర్‌లో రోడ్డుకు అడ్డంగా నాలుగు పొయ్యిలు వెలిగాయి. మాజిద్ తెల్ల లాల్చీ చేతులు పైకి మడిచి, గరిటె పట్టుకొని ఇటు నుంచి అటు తిరుగుతున్నాడు. పోశాలు ఉల్లిగడ్డలు కోస్తూ ముక్కు ఎగబీలుస్తున్నాడు. బియ్యం అరగంట ఎందుకు నానాలో, ఎసరు ఎలా పలకాలో, మద్ది కట్టెకు తుమ్మ కట్టెకు తేడా ఏమిటో, మాజిద్ ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. మైకులో ఉపన్యాసం ఆయనకు అడ్డొస్తున్నదని ఒకసారి తగ్గించమని కూడా అరిచాడు.

మూతల దగ్గర చిలుకమ్మ కర్ర పట్టుకొని కూర్చుంది. ఎవరో పెద్దమనిషి వంగి మూత ఎత్తబోతే కర్ర అడ్డం పెట్టింది.

"ఉడికిందో లేదో చూస్త అవ్వా."

"నీకు తెల్వది, నాకు తెల్వది. గాయన్ను అడుగు. ఇప్పుడు అడిగితె చెప్తడు."