పదకొండు సార్లు కృష్ణప్పగారు

బళేపేటలో నాది చిన్న డీటీపీ దుకాణం. పెళ్ళి కార్డులు, విజిటింగ్ కార్డులు, సన్మాన పత్రాలు చేస్తాను. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. సన్మాన పత్రాలంటేనే ఒళ్ళు మండుతుంది. రాసేవాళ్ళకు ప్రేమ ఎక్కువ, వాక్యం తక్కువ.

ఓంకార్ తెచ్చిన పత్రం కూడా అలాంటిదే. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. మా దుకాణానికి ఎదురుగా గాజులమ్మే కృష్ణప్ప మామకు మనవడు. దుకాణానికి యాభై ఏళ్ళు నిండాయని ఆదివారం కల్యాణ మంటపంలో మామకు సన్మానం. పత్రం మనవడే రాశాడు, మనవడే చదువుతాడు.

"కంటెంట్ ఫైనల్ అక్కా. తాత ఓకే చేసేశాడు. జస్ట్ బార్డర్ పెట్టి ప్రింట్ ఇచ్చేయ్."

చదివాను. పదకొండు వాక్యాలు. కృష్ణప్పగారు 1950లో బళేపేటలో జన్మించారు. కృష్ణప్పగారు 1973లో రత్నమ్మగారిని వివాహమాడారు. కృష్ణప్పగారు ఆ ఏడాదే బీడీ మానేశారు. కృష్ణప్పగారు రత్నమ్మగారు పుట్టింటినుంచి తెచ్చిన రేకుపెట్టెలో గాజులు పెట్టుకుని మూడేళ్ళు వీధివీధి తిరిగారు. కృష్ణప్పగారు 1976లో దుకాణం తెరిచారు. ఇలాగే కింది దాకా.

"ఏమప్పా, ఇది పత్రమా, హాజరు పట్టీనా?" అన్నాను.

"పేరు ముందుంటే రెస్పెక్ట్ కదక్కా!"

నాకెందుకులే, బార్డరు పెట్టి ఇచ్చేద్దాం అనుకున్నాను. అంతలో రత్నమ్మ అత్త రోడ్డు దాటి పరుగులాంటి నడకతో వచ్చింది. పొద్దున ఇంట్లో రిహార్సల్ చేశారట. మామకు ఒక అలవాటుంది. సభలో ఎవరైనా గౌరవంగా తన పేరెత్తితే లేచి నిలబడి దండం పెడతాడు. పత్రంలో పేరు పదకొండు సార్లు ఉంది, వినబడినప్పుడల్లా లేవబోయాడు. ఆరు వారాల కింద మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి. ఏడోసారికి మోకాలు పట్టేసి, అటు లేవలేక ఇటు కూర్చోలేక మధ్యలో ఆగిపోయాడు.

"దండం పెట్టుకోనే ఉండాడమ్మా, వంగిపోయి! ఇద్దరం పట్టుకోని కూచోబెట్టినాం. ఆదివారం అట్లే అయితే మళ్ళీ ఆస్పత్రికే" అంది అత్త. నాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గేసింది.

"లేవొద్దని చెప్పకూడదా?"

"చెప్పినాను. మర్యాదగా పేరు చెప్తా ఉంటే శవం మాదిరి కూచోనుండేదా అంటాడు."

"పోనీ కొన్ని వాక్యాలు తీసేద్దామా?"

"తీస్తే ఒప్పుకోడు. పదకొండు సంగతులూ ఉండాల్సిందే, ఒక్కటి పోయినా స్టేజీ ఎక్కనంటాడు."

అంటే సంగతి పోకూడదు, పేరు మాత్రం మాటిమాటికీ రాకూడదు. కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఓంకార్ ఉపాయం సులువుగా ఉంది. మొదటి పేరు ఉంచేసి, మిగతా పది చోట్లా 'ఆయన' పెట్టేశాడు. సాయంత్రం తాతకు వినిపించి వచ్చాడు.

"లేచాడా?"

"మొదటి పేరుకు ఒక్కసారే లేచాడక్కా. తర్వాత నిద్రపోయాడు."

పోడా మరి! ఆయన, ఆయన, ఆయన అంటూ ఒకే చోట దెబ్బ పడుతుంటే ఉయ్యాల ఊపినట్టే. మాట మారింది గానీ నడక మారలేదు.

మర్నాడు నా వంతు. ప్రతి వాక్యానికీ ముందు ఏడాది పెట్టాను. 1950లో, 1973లో, 1973లోనే, 1976లో. గొప్పగా చేశాననుకుని ఓంకార్‌తో చదివించాను. కొత్త పాట కాదు, పాత పాటకే కొత్త పల్లవి. "ఇదేమి, బస్సు నెంబర్లు పిలిచినట్లుండాది" అంది అత్త. నిజమే కాబట్టి మరీ కోపం వచ్చింది.

అప్పుడు బుద్ధిగా మొదలుపెట్టాను. ఒక వాక్యం ఊరితో, ఒకటి ఏడాదితో, ఒకటి చేసిన పనితో. ఎవరి గురించో తెలిసిపోతున్న చోట 'ఆయన' కూడా అనవసరం, తెలుగులో క్రియే చెప్పేస్తుంది. పొడుగు వాక్యం పక్కన ఒక పొట్టి వాక్యం. రెంటిని కలపొచ్చనిపించిన చోట కలిపాను. అక్కడే తప్పటడుగు వేశాను. "రత్నమ్మగారిని వివాహమాడారు. దాంతో బీడీ మానేశారు" అని రాశాను.

అత్త పాత కాగితం పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో సంగతీ సరిచూస్తోంది. వేలు ఆగింది.

"నేనెప్పుడు మానమన్నాను? దగ్గొచ్చి మానిండాడు. ఊరంతా నన్ను గయ్యాళి అనుకోవల్లనా?"

'దాంతో' అన్న ఒక్క మాటతో లేని కారణం పుట్టించాను. కొట్టేసి, "బీడీ మానేసిందీ ఆ ఏడాదే" అని మార్చాను. తర్వాతి వాక్యంలో కూడా జాగ్రత్తపడ్డాను. రత్నమ్మగారి పేరుతో మొదలవుతోంది కాబట్టి, వీధులు తిరిగింది ఆమె అనుకోకుండా మధ్యలో ఒక 'ఆయన' వేశాను. మామ పేరు మొదట ఒకసారి, చివర ఒకసారి ఉంచాను. రెండు సార్లు లేస్తే మోకాలు ఓర్చుకుంటుంది.

అత్త మళ్ళీ వేలు పెట్టి చూసింది. నాలుగో సంగతి దగ్గర వేలు కాసేపు నిలిచింది. ఏమైనా తప్పా అని అడిగాను.

"తప్పేమీ ల్యా. పదకొండూ ఉండాయి" అంది. "ఇంట్లో వినిపించొద్దు. ఇంక ఆయన్ని లేపొద్దు. స్టేజీ మీదే విననీ."

ఆదివారం మంటపం నిండింది. ముందు వరసలో అత్త పక్కన కూర్చున్నాను. మామ జరీ పంచెలో, స్టేజీ మీద పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఓంకార్ మైకు పట్టుకున్నాడు.

"బళేపేటలో 1950లో కృష్ణప్పగారు జన్మించారు."

మామ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, దండం పెట్టాడు, కూర్చున్నాడు. ఒకటి. అత్త ఊపిరి వదిలింది.

"1973లో రత్నమ్మగారిని వివాహమాడారు. బీడీ మానేసిందీ ఆ ఏడాదే." జనం నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఓంకార్‌కు ధైర్యం వచ్చి గొంతు నిలబడింది.

"రత్నమ్మగారు పుట్టింటినుంచి తెచ్చిన రేకుపెట్టెలో గాజులు పెట్టుకుని ఆయన మూడేళ్ళు వీధివీధి తిరిగారు."

మామ లేచాడు.

లెక్కలో లేని లేవడం అది. మోకాలు వంకర్లు పోతోంది, మొహం నొప్పితో ముడుచుకుంది, అయినా లేచాడు. జనం వైపు తిరగలేదు. ముందు వరసలో ఉన్న అత్త వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఓంకార్ చదవడం ఆపేశాడు.

"కూచోండి, మోకాలు!" అని అత్త అరిచింది. ఆయన కూర్చోలేదు. ఓంకార్ భుజం పట్టుకుని మిగతా ఏడు సంగతులూ నిలబడే విన్నాడు. చివర్లో తన పేరు వచ్చినప్పుడు లేవాల్సిన అవసరమే రాలేదు.

భోజనాల దగ్గర మామ నన్ను పట్టుకున్నాడు. "ఆ పెట్టె సంగతి భలే చేర్చినావమ్మా. ఓంకారు కాగితంలో అది ల్యా."

"ఉంది మామా. నాలుగో వాక్యం. మీరే ఓకే చేశారు."

"ల్యా. ఉండింటే నాకు వినబడకుండా పోతుందా?"

ఫోన్‌లో పాత పత్రం తీసి చూపించబోయాను. పక్కనే ఆకులో అన్నం కలుపుతున్న అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూపించొద్దు హరిణీ. నువ్వే చేర్చినావనుకోనీ" అంది. "యాభై మూడేండ్లకు ఇప్పుడు విన్నాడు."