తిరగేసిన మూత

దోమలకు కూడా ఆరోగ్య కేంద్రం నర్సమ్మంటే హడలని ఆ వీధిలో ఒక మాట ఉండేది. తెల్లారితే చాలు, ఎవరో ఒకరి పెరట్లో ఆవిడ వంగి కనిపించేది. పూలకుండీ కింద పళ్ళెం, పాత టైరు, ఫ్రిజ్ వెనకాల గిన్నె, ఏదీ వదిలేది కాదు. "డ్రమ్ముకైతే మూత ఉంటే చాలు. మిగతావాటికి నీళ్ళు పారబోస్తే సరిపోదమ్మా, వారానికోసారి అంచులు గట్టిగా తోమాలి. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి" అని చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది పాపం.

అందరూ వినేవారు, ఒక్క టైలరమ్మ తప్ప. గేటుకు అడ్డంగా నిలబడి, "మా డ్రమ్ములన్నిటికీ మూతలున్నాయి వదినా. నువ్వు వెళ్ళి నీ ఇల్లు చూసుకో" అనేది. ఆ పక్కింట్లోనే ఇద్దరికి డెంగీ జ్వరం వచ్చి మంచమెక్కారు. ఒక్కసారి టైలరమ్మ పెరట్లో కాలు పెట్టనిస్తే చాలునని నర్సమ్మ గుబులు.

అలాంటి రోజుల్లో బడిలో ఆరోగ్యం ప్రాజెక్టుల పోటీ పెట్టారు. ఒక జట్టుది చేతులు కడుక్కోవడం, ఒక జట్టుది మంచినీళ్ళు, ఒక జట్టుది దోమలు. దోమల జట్టుకు నాయకురాలు నర్సమ్మ కూతురు బుజ్జి. పిల్ల మొహం మాత్రం గంటు పెట్టుకుంది.

"ఊరంతా వెతికాం. ఒక్క దోమపురుగు దొరికితే ఒట్టు! నువ్వే కదమ్మా నా ప్రాజెక్టుకు శత్రువువి" అంది.

"దోమలు లేవని ఏడ్చేదాన్ని నిన్నే చూశానే తల్లీ!" అని నర్సమ్మ పకపకా నవ్వింది.

మిగతా రెండు జట్లకూ సలహా చెప్పింది నర్సమ్మే. వరండా చివర నీళ్ళ డ్రమ్ముకు అడుగున కుళాయి పెట్టించింది, ఎవరూ చెయ్యి ముంచకుండా. డ్రమ్ము పైభాగంలో పక్కనున్న కంతలోంచి పైపుతో నీళ్ళు నింపడం, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగడం, కంతకు గుడ్డ బిగించడం నేర్పింది. పిల్లలు సబ్బుతో వేళ్ళ సందులూ గోళ్ళూ రుద్దుకుని, గ్లాసు తొలుచుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ తొలిచి పెట్టాలి. గ్లాసులు జారకుండా డ్రమ్ము మూతను తిరగేసి పళ్ళెంలా పెట్టిందీ ఆవిడే. అందరూ బుద్ధిగా చేశారు. మూత ఎత్తే పనే లేదు కాబట్టి, రెండు వారాలుగా దాన్ని ఎవరూ కదపలేదు.

తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున టైలరమ్మ ముందు వరసలో కూర్చుంది. పెద్ద టీచరమ్మ నర్సమ్మను మాట్లాడమని పిలవబోతుంటే బుజ్జి పరుగెత్తుకొచ్చి చెవిలో ఊదింది.

"అమ్మా, పురుగులు దొరికాయి. తిట్టనంటే చెబుతా."

"తిట్టేదెందుకే పిచ్చిమొహమా? ఎక్కడ?"

"నువ్వు తిరగేసిన మూతలో."

నర్సమ్మ గబగబా వరండా చివరికి నడిచింది. వెళ్ళి చూస్తే నిజమే. గ్లాసుల నుంచి కారిన నీళ్ళు అంచుదాకా నిలిచి ఉన్నాయి. అందులో సన్నటి తోకపురుగులు గిలగిలమంటూ, తోక కొస పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఒంపేయనా? ఎవరూ చూడలేదు" అంది బుజ్జి గుసగుసగా, పురుగుల్ని పట్టుకోవడానికి ఒక గిన్నె కోసం తహతహలాడుతూనే.

నర్సమ్మ ముందు వరస వైపు చూసింది. చెబితే టైలరమ్మ ఆ గేటు ఇక జన్మలో తియ్యదు. చెప్పకపోతే? మూత ఉంటే చాలని ఇన్నాళ్ళూ తానే అందరికీ చెప్పింది. టైలరమ్మ డ్రమ్ములకూ మూతలే ఉన్నాయి, అవి ఎలా పెట్టి ఉన్నాయో ఎవరికి తెలుసు?

మూతను రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకుని అందరి మధ్యకూ నడిచింది.

"ఇవి దోమపిల్లలు. వీటిని పెంచింది ఎవరో కాదు, నేనే" అంది.

ముందు వరసవాళ్ళు మెడలు చాచి చూశారు. తరవాత టైలరమ్మ నవ్వు మొదలుపెట్టింది. "ఓయమ్మో! వీధంతా వెతికి వెతికి, ఉయ్యాల కట్టి జోలపాడింది నువ్వేనా వదినా!" కుర్చీలన్నీ నవ్వుతో ఊగిపోయాయి. నర్సమ్మ చెవులు ఎర్రబడ్డాయి కానీ, మూత దించలేదు.

"నవ్వండి, కడుపారా నవ్వండి. ఇళ్ళకెళ్ళాక మాత్రం మూతలు చూసుకోండి. బోర్లించి పెట్టండి. నిలిచిన నీళ్ళుంటే ఒంపి, గుంటంతా తోమెయ్యండి."

బుజ్జి అప్పటికే ఒక గాజుసీసాలోకి పురుగుల్ని ఎత్తుకుని, ఎదుగుదల దశలు రాసిన అట్ట ముందు ఠీవిగా నిలబడింది. జనం అటు మూగారు. టైలరమ్మ కూడా వెళ్ళి సీసాలోకి కళ్ళు చికిలించి చూసింది. నవ్వు మెల్లగా సన్నగిల్లింది.

"చెంబులు పెట్టుకోవడానికి నేనూ ఇలాగే తిరగేస్తానే" అంది, ఎవరితోనో అన్నట్టు.

బహుమతి ఎవరికో చెప్పకముందే ఆవిడ నర్సమ్మ మోచెయ్యి పట్టుకుంది. "పద వదినా, ఈ చప్పట్లు ఎప్పుడూ ఉండేవే."

దారి పొడుగునా దోమల ఉయ్యాల మీద ఎత్తిపొడుపులు ఆగలేదు. గేటు దగ్గరకొచ్చాక టైలరమ్మ గడియ తీసి, పక్కకు తప్పుకుంది.

"రా. కానీ ముందు నేను చూస్తా, నీ కళ్ళను నమ్మడానికి లేదు!"