స్టైపెండు వద్దన్న అనూరాధ

బొబ్బిలి బజారులో నగరేశ్వరరావు గారి స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళి, ధర అడగకుండా బిందె చంకన పెట్టుకునే మనిషిని చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ముందు రేటు చెప్పుకోవాలి, ఆ తర్వాతే సరుకు. చుట్టాలైనా అంతే, వియ్యాలవారైనా అంతే. అలాంటి మావగారి చేతికి ఫోను ఇచ్చి, ఇది కాస్త చదవండి అని, అనూరాధ వంటింటి గుమ్మం దగ్గరకు తప్పుకుంది. ఆయన ముఖం చూసే ధైర్యం లేదు పాపం.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మేడమీద రెండు గదుల్లో నడుస్తున్న చిన్న డిజైన్ సంస్థ పెట్టిన పోస్టు అది. నగరేశ్వరరావు గారు కళ్ళజోడు సర్దుకుని, పేపరు చదివినట్టే పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఇంటర్న్ కావాలి. పని: దుకాణాలకు, స్కూళ్ళకు ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తయారుచెయ్యడం, పచ్చళ్ళ సీసాలకు, పిండివంటల పాకెట్లకు లేబుళ్ళు గియ్యడం, ప్రింటుకు వెళ్ళే ఫైళ్ళు సరిచూడడం. టీలు తేవడం, బాకీలు వసూలు చెయ్యడం మీ పని కాదు. వ్యవధి మూడు నెలలు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, పది నుంచి ఐదు. మూడు రోజులు ఆఫీసులో, రెండు రోజులు ఇంటినుంచి. స్టైపెండు నెలకు ఎనిమిది వేలు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తాం. ఉద్యోగం ఇస్తామని మాట ఇవ్వలేం. వయసు, డిగ్రీ పట్టింపు లేదు. మీరు చేసిన పనులు మూడు పంపండి."

ఆ మూడూ అనూరాధ ఎప్పుడో పంపేసింది. రమ్మని కబురు కూడా వచ్చింది. ఎచ్చెర్లలో డిగ్రీ చదివి, పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి కొట్టు తాలూకు వాట్సాప్ బొమ్మలన్నీ ఆమే చేస్తోంది. మొదట్లో ఫోనులో సరదాకి చేసింది. తర్వాత భర్త ఉపేంద్ర లాప్‌టాప్ కొనిపెడితే, ఆన్‌లైన్ పాఠాలు చూసి పట్టుదలగా నేర్చుకుంది. కానీ తప్పు చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో ఏం చేసినా బాగుంది అనేస్తారు. అనూరాధకు ఆ బాగుంది మొహం మొత్తింది. తన పని బాగులేదని చెప్పగలిగిన మనిషి దగ్గర కూర్చోవాలని ఆమె ఆశ. ఉపేంద్ర మంచివాడే, అభ్యంతరం లేదన్నాడు. అయితే నాన్నకు మాత్రం నువ్వే చెప్పుకోవాలని మెల్లగా జారుకున్నాడు.

నగరేశ్వరరావు గారు రెండోసారి కూడా చదివారు. ఇటువంటి పోస్టులు ఆయన కొడుకు ఫోనులో చూడకపోలేదు. ఆకర్షణీయమైన వేతనం, అద్భుతమైన అవకాశం అని ఊదరగొట్టి, అసలు సంగతి మింగేసేవే అన్నీ. ఇందులో ఇచ్చేదీ చెప్పారు, ఇవ్వలేనిదీ చెప్పారు.

"ఇది రాసిన మనిషికి బేరం తెలుసు," అన్నారాయన. "ఎల్లిరా అమ్మా. నేనే తీసుకెళ్తాను."

అనూరాధ ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ వెంటనే ఆయన ఒక మెలిక పెట్టారు. నేర్చుకోడానికి వెళ్ళడం గౌరవమే. కానీ వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా ఇంకొకరి దగ్గర జీతం పుచ్చుకున్న మనిషి లేడు. కోడలు నెలజీతానికి వెళ్తోందంటే కొట్టు దివాలా తీసిందని బజారంతా కోడై కూస్తుంది. కాబట్టి ఆ ఎనిమిది వేలు వద్దని మర్యాదగా చెప్పెయ్యాలి. దానికేం, అలాగే అంది అనూరాధ. డబ్బు వద్దంటే ఎవరికైనా సంతోషమేగా అనుకున్నారు ఇద్దరూ.

ఇద్దరూ రైల్లో విజయనగరం వెళ్ళారు. సంస్థ నడిపే విశాలికి నలభై దాటవు. మాట మెత్తన, చూపు మాత్రం సూదిలా ఉంటుంది. మావగారిని గుమ్మం పక్క కుర్చీలో కూర్చోబెట్టి, అనూరాధ పంపిన దీపపు కుందుల పోస్టరు కంప్యూటర్లో తెరిచింది. అక్షరాలు అంచుకు మరీ దగ్గరగా ఉన్నాయనీ, ప్రింటయ్యాక కాగితం కత్తిరించేటప్పుడు అవి తెగిపోతాయనీ చూపించింది. తెరమీద మెరిసే ఈ నారింజరంగు కాగితం మీద వెలిసిపోతుందని కూడా చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పని మాటలు. వింటుంటే అనూరాధకు కోపం రాలేదు, సిగ్గు వెయ్యలేదు, కడుపు నిండినట్టయింది.

"కుందుల మధ్య ఖాళీ వదిలారే, అది నేర్పితే వచ్చేది కాదు," అంది విశాలి. "సోమవారం నుంచి రాగలరా?"

అనూరాధ తల ఊపి, ఇంట్లో అనుకున్నట్టే, స్టైపెండు అక్కర్లేదని చెప్పింది. చాలా మర్యాదగానే చెప్పింది.

విశాలి ముఖంలో నవ్వు ఆగిపోయింది. కిందటిసారి ఒకమ్మాయి అలాగే డబ్బు వద్దందనీ, తను కూడా కలిసొచ్చిందని ఊరుకున్నాననీ చెప్పింది. ఆ అమ్మాయి ఆలస్యంగా వస్తే ఎందుకని అడగడానికి తనకు నోరు రాలేదు. చేసింది తిప్పికొట్టి మళ్ళీ చెయ్యమనడానికి మనసొప్పలేదు. పిల్లకు పనీ రాలేదు, తనకు పనీ కాలేదు.

"పైగా ఉచితంగా చేసేవాళ్ళు దొరికితే, డబ్బు అవసరమున్న పిల్లలకి ఇక్కడ చోటుండదు. పోస్టులో రాసిందే నేను ఇచ్చేది. అది వద్దంటే ఈ చోటు ఇంకొకరికి ఇస్తానండీ. మధ్యాహ్నం ఇద్దరు వస్తున్నారు."

అనూరాధ వెనక్కి తిరిగి మావగారి వంక చూసింది. ఆయన గోడమీది కేలండరు కేసి చూస్తున్నారు. ఆ ఇంట్లో ఆమెకు ఏ లోటూ లేదు. చీర కావాలంటే అత్తగారు గ్రహిస్తారు, పుస్తకం కావాలంటే ఉపేంద్ర తెస్తాడు. నోరు తెరిచి నాకిది కావాలి అనాల్సిన అవసరమే రాలేదు. అందుకే ఇప్పుడు ఆ మాట ఎక్కడో అడుగున ఇరుక్కుపోయింది. ఇప్పుడు అనకపోతే రేపట్నుంచి మళ్ళీ బాగుంది, బాగుంది అన్న మాటలే వినాలి. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది.

"నాకు ఆ ఎనిమిది వేలు కావాలండీ," అంది. "పని చేసి తీసుకుంటాను. బాగులేకపోతే మళ్ళీ చేయించండి."

వెనక కుర్చీ కిర్రుమంది. మావగారు లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు. అనూరాధ వెనక్కి తిరగలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. విశాలి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, ఒప్పందం కాగితం తీసింది. పని, గడువు, డబ్బు, పోస్టులో ఉన్నట్టే ఉన్నాయి. అనూరాధ సంతకం పెట్టింది.

మెట్లు దిగుతుంటే, రైల్లో ఇల్లు చేరేదాకా ఆయన మౌనాన్ని ఎలా భరించాలో తెలియలేదు. ఆ పెద్దాయన్ని నొప్పించానన్న బాధ ఒకవైపు, అయినా వెనక్కి తీసుకోలేనన్న మొండితనం ఒకవైపు.

కింద రోడ్డు వారగా నగరేశ్వరరావు గారు ఆమెకు వీపు పెట్టి నిలబడి, ఫోనులో మాట్లాడుతున్నారు. అవతల ఉన్నది బజారులో ఎదురు కొట్టు జగన్నాధం. అతని చెవిన పడితే పొద్దుగుంకే లోపు ఊరంతా తెలిసిపోతుంది.

"మా కోడలికి విజయనగరంలో పని దొరికిందిరా," అంటున్నారు. "ఊరికే ఏటి? ఎనిమిది వేలిత్తారు. వద్దని సెప్పించింది నేనేరా, నాకు తెలీక. అది ఊరుకోలేదు. నా ఎదరే అడిగి తీసుకుంది."

అనూరాధ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. ఆయన మాట్లాడటం పూర్తయ్యేదాకా చప్పుడు చెయ్యకుండా అక్కడే నిలబడింది.