నాలుగు వారాల గడ్డం

గదిలో డాక్టరు కూర్చుని ఉండగానే వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి, "డాక్టరుగారు లేరా బాబూ?" అని అడిగేవారు. నేనే డాక్టర్నంటే, "అలాగా నాయనా" అని తడిసిన గొడుగు అతని చేతికిచ్చి నర్సమ్మ దగ్గరికి వెళ్లేవారు. అతని వయసు ఇరవై ఎనిమిది. ముఖం పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది.

పెద్ద డాక్టరు మోకాలి ఆపరేషన్ చేయించుకుంటూ మూడు నెలలకి క్లినిక్ అప్పగించాడు. "జనం నిలిస్తే నీదే. లేకపోతే తాళం వేసేస్తా" అన్నాడు. మొదటి నెలలో సగం మంది పోయారు.

పోనివాళ్లలో మాస్టారొకడు. రిటైరయ్యాడు, బీపీ, షుగరూ ఉన్నాయి. వచ్చినప్పుడల్లా తిట్టేవాడు.

"నీ మాత్రతో కాళ్లు వాస్తున్నాయిరా అబ్బాయ్. మూడు రోజులకొకటే వేసుకుంటున్నా. ఏం చేస్తావో చేసుకో."

డాక్టరు మాత్ర మార్చాడు.

పిల్లకాకిని చూసినట్టు చూస్తే ఎలాగని ఒకరోజు మంగలి షాపులో కూర్చున్నాడు. మంగలి అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ముఖం గుండ్రం. జుట్టు పైకి నిలబెట్టే ఆ జెల్ మానేయండి, పక్క పాపిడి తీస్తా. గడ్డం నాలుగు వారాలు ముట్టుకోవద్దు. మధ్యమధ్య ఖాళీలున్నాయని రెండో వారంలో గీసుకుంటే మళ్లీ మొదటికే."

"తర్వాత?"

"చెంపల మీద పొట్టిగా, కింద కాస్త పొడుగ్గా ఉంచుతా, ముఖం కోలగా కనబడుతుంది. మెడ మీద గీత కంఠం ముడికి రెండు వేళ్ల పైన. అది లేకపోతే పరీక్ష తప్పినవాడిలా ఉంటారు."

కళ్లద్దాల షాపతను ముఖం వెడల్పుకి సరిపోయే నలుచదరపు నల్ల ఫ్రేమ్ ఇచ్చాడు. పవర్ లేదు. "మెరుపు రాకుండా పూత వేయించండి. లేకపోతే ఎదుటివాళ్లకి మీ కళ్లు కాదు, ట్యూబులైటు కనబడుతుంది" అన్నాడు. టైలరు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదికి తెచ్చాడు. అది జారితే అన్నయ్య చొక్కా వేసుకున్నట్టు ఉంటుందట.

అయిదో వారం నుంచి జనం లేచి నిలబడటం మొదలుపెట్టారు. పోయినవాళ్లు తిరిగొచ్చారు. చదువు మాత్రం పాతదే.

"గడ్డంతోపాటు ఇంకో డిగ్రీ కూడా మొలిచిందా ఏంటి?" అంది నర్సమ్మ.

మాస్టారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వేసుకుంటున్నానండి" అన్నాడు. బీపీ నూట ఎనభై ఉంది. వేసుకుంటున్నా తగ్గలేదంటే మందు చాలలేదన్నమాట. డాక్టరు మోతాదు రెట్టింపు చేసి, ఇంకో మాత్ర కలిపాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డం సరిచేయించుకోవడానికి వెళ్లాడు. కళ్లద్దాలు తీసి అద్దం ముందు పెట్టాడు. మంగలి ట్రిమ్మర్‌కి తగిలించిన దువ్వెన తీసేసి కుడిచెంప మీద గీత దిద్దుతున్నాడు.

"మాస్టారు మీకు తెగ భయపడుతున్నాడండి. ఇదివరకు తిట్టేవాణ్ణి, ఇప్పుడాయన ముందు నోరు పెగలట్లేదన్నాడు."

"ఏం తిట్టాలట?"

"మీరు మార్చిన ఆ మాత్రతో దగ్గొచ్చిందట. నెల రోజులుగా ముట్టుకోలేదు. మీ కొత్త చీటీ చూసి వాళ్లావిడ హడలిపోయి, ఇవాళ నుంచి అన్నీ దగ్గరుండి మింగిస్తానందట."

డాక్టరు ఉన్నపళంగా లేచాడు. ట్రిమ్మర్ చెవి నుంచి దవడ దాకా దారి వేసింది.

"అయ్యో, కదలొద్దండీ..."

అప్పటికే అతను రోడ్డు మీద ఉన్నాడు. నెల రోజులు ఏమీ పడని ఒంట్లో ఒక్కసారిగా అంత మందు పడితే బీపీ దిగజారి మనిషి నిలబడ్డచోటే కూలబడొచ్చు.

అతను ఇంటికి చేరేసరికి మాస్టారి చేతిలో మాత్రలున్నాయి. భార్య నీళ్లగ్లాసుతో నిలబడి ఉంది.

"మింగకండి" అన్నాడు డాక్టరు రొప్పుతూ.

మాస్టారు తలెత్తి చూశాడు. నవ్వు మొదలై దగ్గులోకి దిగింది. "ఇదేం అవతారంరా అబ్బాయ్? ఒకవైపు ఎలుకలు కొరికాయా?"

"మీరు మాత్రలు వేసుకోవట్లేదట."

"ఎలా వేసుకోను? వేసుకుంటే రాత్రంతా ఈ దగ్గే కదా, మానేసినా ఇంకా పూర్తిగా పోలేదు. నీకు చెబుదామనే వచ్చాను. అక్కడ నువ్వు లేవు, ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు."

డాక్టరు కుర్చీలో కూర్చుని, చీటీ అడిగి తీసుకుని రెండు వరసలూ కొట్టేశాడు. దగ్గు తెప్పించని మాత్ర ఒకటి రాశాడు, తక్కువ మోతాదులో. అయిదు రోజులకి వచ్చి చూపించుకోమన్నాడు.

మాస్టారి భార్య ఆ చీటీ లాక్కుంది. "ఇది గడ్డం డాక్టరుగారు రాసింది. ఆయన్నడక్కుండా నువ్వెలా కొట్టేస్తావు నాయనా?"

డాక్టరు గడ్డం ఉన్న చెంప ఆవిడకి కనబడేలా కుర్చీ జరుపుకుని గొంతు సవరించుకున్నాడు. "నేనే అమ్మా. నేనే మారుస్తున్నాను."

"మీరాండీ?" అని ఆవిడ చీటీ తిరిగి ఇచ్చి, పైట సర్దుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

నున్నటి చెంప వైపు కూర్చున్న మాస్టారు ఈలోగా గొంతు తగ్గించాడు. "ఇంకోటుందిరా. షుగరుకి రాశావే, అది కూడా..."