వేపపలక తూకం

నా నోరు మంచిది కాదు. జడ్చర్లలో తలుపులు చేయించుకున్నవాళ్లలో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. పచ్చికర్ర తెచ్చి, వారంలో తలుపు కావాలనేవాళ్లను నేను తిట్టి పంపిస్తాను. వాళ్లు ఇంకో దుకాణంలో చేయించుకుంటారు. ఏడాది తిరక్కముందే వంకరపోయి, సందుల్లోంచి పురుగు తొలిచిన పిండి రాలుతున్న తలుపును బండి మీద వేసుకుని మళ్లీ నా దగ్గరికే వస్తారు. అప్పుడు ఇంకోసారి తిడతాను. హమీద్ దుకాణంలో రంపం కంటే హమీద్ నోరే ఎక్కువ కోస్తుందని మా ఇంటిది ఇక్బాల్ బీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది.

మల్లయ్యను మాత్రం మొదటిరోజు తిట్టలేకపోయాను. ఎనభై తొమ్మిది ఆషాఢంలో వచ్చాడు. మా ఊరికి పక్కనే వాళ్ల పల్లె, వ్యవసాయం చేసుకునే మనిషి. ఆ వైశాఖంలోనే అతని భార్య గోవిందమ్మ పాలమూరు దవాఖానలో చనిపోయింది. పెళ్లై వచ్చిన కొత్తలో ఆమె వాకిట్లో ఒక వేపమొక్క పెట్టిందట. ఆమె పోయిన రెండు నెలలకు గాలివాన వచ్చి ఆ చెట్టు కూలింది. పిల్లలు లేరు. ఆ మానుతో ఇంటికి తలుపు చేయించాలి, ఆమె ఏడాది మాసికంనాటికి ఆ తలుపు ఇంటికి ఉండాలి. అతను అడిగింది ఇంతే.

"గీ ఒక్క చెట్టే ఉంది, హమీద్ భాయ్. చెడగొడితే ఇంకోటి తెచ్చేతందుకు లేదు," అన్నాడు.

ఆ మాటకు నాకే భయమేసింది. మామూలుగా ఒక దుంగ పగిలితే ఇంకోటి తెచ్చుకుంటాం. ఈ దుంగ పగిలితే ఏం తెస్తాను? వేప చేదు కదా, పురుగు ముట్టదని అందరూ అనుకుంటారు. లోపలి ఎర్రచేవ సంగతి నిజమే. చుట్టూ ఉండే తెల్లకర్రలో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకు అదే పండగ. పైగా వేప తొందరపడి ఎండితే మెలితిరుగుతుంది. అందుకే దుంగను తెచ్చి మా వెనక కుంటలో పడేసి, పైకి తేలకుండా మీద రాళ్లు పెట్టించాను. ఆ నీళ్లు కర్రలోకి వెళ్లి, దాని పాలూ తీపీ బయటికి లాగేయాలి.

మల్లయ్య గట్టుమీద కూలబడిపోయాడు. ఇంటావిడ చెట్టును బురదలో ముంచడమేమిటని అతని బాధ. మురిగిపోదా అని అడిగాడు. పూర్తిగా మునిగిన కర్ర మురగదు, సగం మునిగి సగం తేలినదే మురుగుతుంది, నా మాట నమ్ము, నమ్మకపోతే తీసుకుపో అన్నాను. అదిగో, అక్కడ నా నోరు మొదలైంది.

చలికాలం రాగానే దుంగను పైకి లాగించాం. నల్లగా జిడ్డుపట్టి, ముక్కు పగిలిపోయే కంపు. ఇక్బాల్ బీ కొంగు అడ్డం పెట్టుకుని, మీ చేతిలో పడితే చెట్టుకు కూడా మర్యాద దక్కదని నన్ను ఎత్తిపొడిచింది. మల్లయ్య మొహం చూడలేకపోయాను. కోత మిషను మీదికి ఎక్కించాం. రంపం నల్లటి పైపొర దాటి దుంగ నడిమికి దిగింది. మొదటి పలక విడిపోయి పక్కకు ఒరిగింది.

ఎర్రగా, తడిగా, నున్నగా ఉంది లోపల. ఏళ్లవారీ గీతలు ఒకదాని పక్కన ఒకటి. ఇన్నేళ్లుగా కర్ర కోస్తున్నాను, అయినా ఆ పలక విడిపోయే క్షణంలో నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటిదాకా ఏ కన్నూ చూడనిదాన్ని మొదట చూసేది మనమే. మిషను ఆపించి అందరం నిలబడి చూశాం. మల్లయ్య దగ్గరికొచ్చి, నడిమధ్య ఉన్న సన్నటి గీతల్ని వేలితో తడిమాడు. గీ గీతలకాడ ఆమె కొత్తకోడలని తనలో తనే అనుకున్నాడు.

తడి ఆరకముందే పలకల్ని మందులో ముంచాను. మందంటే మరేం లేదు, కంసాలి వాడే వెలిగారమూ, క్యారంబోర్డు మీద చల్లే బోరిక్ పొడీ వేడినీళ్లలో కరిగించిన నీళ్లు. కర్ర తడిగా ఉంటేనే ఆ మందు లోపలికి పాకుతుంది. ముంచి, టార్పాలిన్ కప్పి కొన్ని వారాలు ఉంచాను. తర్వాత కొసలకు తారు పూశాను, కొసల్లోంచి నీరు తొందరగా పోయి పగుళ్లు రాకుండా. రేకుల కింద నీడలో పేర్చాను. పలకకూ పలకకూ మధ్య గాలాడేలా సన్నపట్టీలు పెట్టాను, ఒక పట్టీ కింద సరిగ్గా ఇంకో పట్టీ వచ్చేలా. పైన బరువు రాళ్లు పెట్టాను.

ఒక చిన్న పలకను మాత్రం తూకానికి పెట్టుకున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం దాన్ని బయటికి లాగి, కాంటాలో పెట్టి తూచి, మళ్లీ దాని జాగాలో పెడతాను. తేలికవుతూ వస్తుందంటే కర్ర ఎండుతోందన్నమాట. ఇక తగ్గడం ఆగిపోయిందంటే గాలితో సమానమైంది, పని మొదలుపెట్టొచ్చు. మిగతా పలకలన్నిటి తరఫునా ఇదే మాట్లాడుతుందని మల్లయ్యకు చెప్పాను. అతను తూకంరోజు తప్పకుండా వచ్చేవాడు. కాంటా వైపే చూసేవాడు.

మాఘం, ఫాల్గుణం బాగానే నడిచాయి. వారంవారం తూకం పడిపోతోంది. చైత్రం వచ్చింది. ఎండలు ముదిరాయి, రేకుల కింద నిలబడితే మాడు కాలిపోతోంది. అప్పుడు తూకం తగ్గడం ఆగింది. సరే, ఎండింది కాబోలనుకున్నాను. మరుసటి వారం పెరిగింది.

కాంటా చెడిందనుకుని కాంటాను తిట్టాను. పక్క కిరాణా దుకాణంలో తూయించాను. అదే తూకం. వాన చుక్క లేదు, మబ్బు తునక లేదు. పలక కాస్త నల్లబడినట్టు కనిపించింది. పట్టుకుంటే ఒక పక్క వంగుతున్నట్టు కూడా ఉంది. ఆ పైవారం ఇంకాస్త పెరిగింది. నడివేసవిలో, ఊళ్లో బావులన్నీ అడుగంటుతుంటే, నీడలో పెట్టిన ఎండుకర్ర నీళ్లు తాగుతోంది. మా నాయన కాలంనుంచీ కర్రతో బతుకుతున్నవాణ్ణి, అలాంటిది వినలేదు, చూడలేదు. నిజం చెబుతున్నాను, ఆ పలకను వట్టి చేత్తో ముట్టలేదు, గుడ్డతో పట్టుకుని దాని జాగాలో పెట్టాను. ఇక్బాల్ బీతో చెబితే ఈసారి ఆమె నవ్వలేదు. ఆ చెట్టుకు పోవడం ఇష్టంలేదేమో అంది.

మాసికం దగ్గరపడుతోంది. లోపల తడి ఉందంటే నేను ఉలి పట్టను. ఇప్పుడు చేస్తే తలుపు వానాకాలంలో ఉబ్బి, వచ్చే వేసవికి చీలుతుంది. ఆ మాటే మల్లయ్యకు కటువుగా చెప్పాను. ఏడాదినాటికి కాదు, నా వల్ల కాదు, ఇంకో మొగాడుంటే చూసుకో అన్నాను. మల్లయ్య తలవంచుకుని వెళ్లిపోయాడు. అతను ఎదురు మాట్లాడకపోవడం నాకు అప్పుడే వింతగా తోచాల్సింది.

తరవాతి శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు బయల్దేరాను. దుకాణంలో ఆ వేళ ఎవరూ ఉండరు. సగం దూరం వెళ్లాక టోపీ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

రేకుల కింద మల్లయ్య ఉన్నాడు. తూకం పలకను బయటికి లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన చెంబు. తువ్వాలను నీళ్లలో ముంచి, పలక మీద పరిచి, మెల్లగా అద్దుతున్నాడు. జ్వరమొచ్చిన మనిషికి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తున్నాడు.

నాకు తిక్క నషాళానికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నీ చేతులతో నువ్వే నీ తలుపు ఆపుకున్నావు, మందంతా కడిగేశావు, నెలరోజులుగా నన్ను పిచ్చోణ్ణి చేశావు అని ఎన్నన్నానో లెక్కలేదు. అతను లేవలేదు. పలకను కింద పెట్టలేదు. నా కేకలు అయిపోయాక అన్నాడు:

"దవాఖానల ఆమె గూడ గిట్లనే వారంవారం తేలికైంది, హమీద్ భాయ్. నేనే మోసిన గదా, నాకెర్కే. ఆఖరిరోజు నీళ్లు, నీళ్లు అని అడిగింది. కడుపు కోస్తం, చుక్క గూడ పొయ్యొద్దన్నరు డాక్టర్లు. బతుకుతదని నేను ఇయ్యలే. గట్లనే పోయింది."

నా చేతిలో టోపీ ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

"గిది తేలికైతాంటే సూడలేకపోయిన. తలుపు లేకున్న మానె అనుకొని జర నీళ్లు ఇచ్చిన," అన్నాడు.

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. ఆరోజు నమాజుకు అందలేదు. ఏ తలుపు కోసం ఆ మనిషి నా గడప తొక్కాడో, నా తిట్లన్నీ పడ్డాడో, ఆ తలుపునే వదులుకుని కర్రకు నీళ్లిచ్చాడు. నడివేసవిలో కర్ర తాగడం చూసి వింతనుకున్నాను. అంతకంటే పెద్ద వింత నా ఎదురుగా తడి తువ్వాలతో కూర్చుంది.

కాసేపటికి లేచాను. పేర్పు నడిమధ్యలోంచి ఒక పలక తీసి, కొస వదిలేసి లోపలినుంచి ముక్క కోశాను. తూచి, ఇక్బాల్ బీ పొయ్యి పక్కన పెట్టించి, మర్నాడు మళ్లీ తూచాను. తగ్గిందా అంటే తగ్గిందనాలి, అంతే. మిగతా కర్రంతా ఎప్పుడో ఎండిపోయి సిద్ధంగా ఉంది. నేనే తడిపలక మాట నమ్మి కూర్చున్నాను.

చట్రానికి నా దగ్గరున్న పాత మద్దికర్ర వాడాను. వేపపలకల్ని చట్రంలోని గాడుల్లో కూర్చి, ఒక్క మేకు కొట్టలేదు, జిగురు పెట్టలేదు. మల్లయ్య పక్కనే కూర్చుని చూశాడు. పలక మీద చెయ్యివేసి కదిపితే గాడిలో సన్నగా కదిలింది. వదులుందేమని అడిగాడు. ఆ ఒక్కసారి నేను నెమ్మదిగా చెప్పాను.

"వానకాలం వస్తే ఇది గాలిలకెంచే నీళ్లు తాగుతది, మల్లన్నా. ఎవ్వలు ఇయ్యనక్కర లేదు, ఎవ్వలు వద్దన్నా ఆగది. తాగినప్పుడు ఒళ్లు చేస్తది. గందుకే జాగా ఇడిసిన."

అతను ఇంకోసారి పలకను కదిపి చూశాడు.

మాసికంనాటికి తలుపు ఇంటికి ఎక్కింది. మృగశిర దాటి మంచి వానలు పడ్డాక, అటుగా పనిబడి వాళ్ల పల్లెకు వెళ్లాను. జల్లు పడుతోంది. మల్లయ్య అరుగుమీద తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, నా చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టాడు. నెట్టాను. కదల్లేదు. గాడి నిండిపోయింది.

"తాగింది, హమీద్ భాయ్," అన్నాడు. "సల్లగ తాగింది."