ఆవు సమక్షంలో ఇంటర్వ్యూ

మానవుడికి పురుషార్థాలు నాలుగైతే పశువైద్యుడికి రెండే: రబ్బరు బూట్లు, తోలు బూట్లు. మొదటివి తొడిగినవాడు జీవితాంతం పేడలో నిలబడతాడు. రెండవవి తొడిగినవాడు పేడను గురించి ప్రసంగిస్తాడు. లోకం ఎవరిని ‘సార్’ అంటుందో, ఎవరిని ‘ఓయ్ డాక్టరూ’ అంటుందో ఈ ఒక్క భేదమే తేల్చిపారేస్తుంది.

గోపాలపట్నంలో చిన్న క్లినిక్ నడుపుకునే డాక్టర్ సాయిశంకర్ పట్టా పుచ్చుకున్న నాటినుంచీ మొదటి కులానికి చెందినవాడు. అడ్డం తిరిగిన దూడలను భుజం దాకా చేయి పెట్టి సరిచేసి సరిచేసి, అతని కుడిభుజం వాతావరణ శాఖ కంటే ముందే తుపాను కబురు చెప్పే స్థితికి చేరింది. గేదె బతికితే సింహాద్రి అప్పన్న దయ, పోతే డాక్టరు హస్తవాసి. ఈ న్యాయశాస్త్రానికి తలవంచి తలవంచి అతడు విసిగిపోయాడు. ఇప్పుడతనికి కావలసింది ఒక్కటే, కంపెనీ ఉద్యోగం.

ఆ స్వర్గానికి ద్వారపాలకుడు డేవిడ్ రాజు. ఇద్దరూ ఒకే తరగతిలో చదివారు. ఆనాడు ఆవు ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టి, కడుపులో గడ్డి మరిగే చప్పుడు విని, గుండె దివ్యంగా కొట్టుకుంటోందని ప్రకటించిన విద్యార్థి అతడే. నేడు సురభివర్ధిని దాణా కంపెనీకి ప్రాంతీయ సాంకేతికాధికారి. సరస్వతి చిన్నచూపు చూసినవారిని మార్కెటింగు శాఖ అక్కున చేర్చుకుంటుంది.

"సూడు బావా," అన్నాడు డేవిడ్ రాజు, కారు అచ్యుతాపురం దాటుతుండగా. "క్లినిక్కులో నీ ముందర ఒక ఆవుంటది. కంపెనీలో ఆవులుండవు, సగటుంటది. గేదె సచ్చిపోతే నీకు కేసు, మాకు శాతం. శాతం కోసం ఎవడైనా ఏడుస్తాడేటి?"

"మరి ఇంటర్వ్యూ ఎక్కడ?"

"ఇయాల మీటింగే ఇంటర్వ్యూ. రైతులకి మన కాల్షియం టానిక్ గురించి సెప్పు. నాను సూత్తాను. అంతే."

సభాస్థలి సన్యాసమ్మ పశువుల పాక. ఆవిడకు మూడు ఆవులు. వాటి పాలే ఆవిడ బతుకు. వీళ్లు చేరేసరికి రైతులంతా మీటింగు మరిచిపోయి ఒక జెర్సీ ఆవు చుట్టూ మూగి ఉన్నారు. మూడో ఈత. ముందురోజు రాత్రే దూడను వేసింది. ఇప్పుడు లేవలేక పడి, మెడను డొక్క మీదికి మడిచి, రాతి నందిలా కదలకుండా ఉంది. సాయిశంకర్ చెవులు పట్టి చూశాడు. చల్లగా ఉన్నాయి.

పాలజ్వరం. పేరులో జ్వరమే గాని ఒళ్లు చల్లబడే జబ్బు. ఒంట్లోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి దిగిపోగా, కండరాలు ఆజ్ఞ పాటించడం మానేస్తాయి. ఆలస్యమైతే గుండె కూడా మానేస్తుంది.

"మన పని కాదు బావా," డేవిడ్ రాజు చెవిలో ఊదాడు.

కాని పాత అలవాటు అవమానం లాంటిది, అంత తొందరగా వదలదు. సాయిశంకర్ సంచిలోంచి కాల్షియం సీసా తీసి, మెడ నరానికి సూది ఎక్కించి, సన్నధారగా మందు వదిలాడు. రెండో చేత్తో స్టెతస్కోపును ముంగాలి వెనుక ఆనించి గుండెను వింటూనే ఉన్నాడు. వేగంగా ఎక్కిస్తే ఏ మందు బతికించాలో ఆ మందే చంపుతుంది. ఒకచోట లయ తప్పింది. ధార ఆపాడు. కుదురుకున్నాక మళ్లీ వదిలాడు. సీసా ఖాళీ అయ్యేసరికి ఆవుకు వణుకు పుట్టింది. త్రేన్చింది. పేడ వేసింది. ఆ పైన, సభాధ్యక్షుడిలా గంభీరంగా లేచి నిలబడింది.

సన్యాసమ్మ అతని చేయి పట్టుకుంది. "బాబూ, ఒక్కమాట సెప్పు. ఈనకముందు నెల్లాళ్ల నుంచీ మీ టానిక్కే పోత్తన్నాను, పూట తప్పకుండా. మరెందుకు పడిపోనాది?"

జవాబు సాయిశంకర్‌కు తెలుసు. అందుకే పడిపోయింది. ఈనకముందు కాల్షియం బయటినుంచి పోస్తూ ఉంటే, ఎముకల్లోంచి తీసుకునే విద్యను ఒళ్లు మరిచిపోతుంది. తీరా పాలు దిగేవేళకు ఖజానా నిండుగా ఉన్నా తాళం తీసేవాడుండడు. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు.

"సెప్పండి డాక్టరుగారూ," అన్నాడు డేవిడ్ రాజు చిరునవ్వుతో. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న అదొక్కటే.

సాయిశంకర్ గొంతు సవరించుకున్నాడు. "టానిక్ తాగింది కాబట్టే తట్టుకుందమ్మా. లేకపోతే రాత్రే పోయేది."

రైతులు తలలూపారు. డేవిడ్ రాజు ఖాళీ సీసాను కాలితో గడ్డిలోకి తోసి, ఆవు ముందు టానిక్ డబ్బా నిలబెట్టి ఫోటో తీశాడు.

"మల్లీ పడిపోతే?" అంది సన్యాసమ్మ.

ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. పడితే ఇంకో సీసా ఎక్కించాలి. సాయిశంకర్ నోరు తెరిచేలోగా డేవిడ్ రాజు అందుకున్నాడు. "డబల్ డోసు పొయ్యమ్మా."

తిరుగుదారిలో వరప్రసాదం లభించింది. "సెలెక్టయిపోనావు బావా. ఇంక సూది ముట్టకు. కంపెనీ డాక్టరు సలహా ఇత్తాడు, సెయ్యి ఎయ్యడు. ఏదైనా అయితే కేసు కంపెనీ మీదకొత్తది."

మరునాడు ఆదివారం. బీచ్ రోడ్డు హోటల్లో విజయోత్సవం. రొయ్యల వేపుడులో సాయిశంకర్ వేళ్లు మునిగి ఉండగా ఫోను మోగింది. చిటికెన వేలితో స్పీకరు నొక్కాడు.

"బాబూ, సన్యాసమ్మని. ఆవు మల్లీ పడిపోనాది. మెడ తిప్పీసింది. ఆసుపత్రి సెలవు. పశువుల అంబులెన్సు ఏరే ఊరెల్లిందట. నువ్వొత్తావేటి?"

డేవిడ్ రాజు పాదిరి దీవించినంత మృదువుగా తల అడ్డంగా ఊపాడు.

"నేనిప్పుడు కంపెనీలో ఉన్నానమ్మా. వైద్యం చెయ్యకూడదు."

"పోనీ, మీరు సెప్పినట్టు టానిక్కు డబల్ పోసీమంటావా?"

కూలబడిన ఆవు మింగలేదు. నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాలేజీలో డేవిడ్ రాజుకు సైతం తెలిసిన సంగతి ఇది. సాయిశంకర్ రొయ్యను చూశాడు, డేవిడ్ రాజును చూశాడు.

"పొయ్యండి," అన్నాడు. "నెమ్మదిగా," అని చేర్చాడు. ఆ ఒక్క మాటతో వృత్తిధర్మం యావత్తూ నిలబెట్టినట్టు అతనికి తృప్తి కలిగింది.

సాయంత్రం మళ్లీ ఫోను. ఈసారి సన్యాసమ్మ గొంతు బాగా సన్నబడిపోయింది.

"ముక్కుల్లోంచి నురగొచ్చి దగ్గింది బాబూ. అలాగే పోనాది. నువ్వు నెమ్మదిగా పొయ్యమన్నావు. నాకే సెయ్యి వణికి గబగబా పోసీసాను. తప్పు నాదే. మీ కంపెనీకి సెప్పకు బాబూ, నవ్వుతారు."

"చెప్పనులెండి," అని హామీ ఇచ్చాడు సాయిశంకర్.

సోమవారం క్లినిక్ తాళం ఇంటి యజమానికి అప్పగించాడు. ‘సూది మందుల డాక్టరు ఇక లేడు’ అని వీధికి చాటినంత వైభవంగా బోర్డు దింపించాడు. ఆ బోర్డు ఇంకా నేల మీద ఉండగానే డేవిడ్ రాజు ఫోను చేశాడు.

"కంగ్రాట్స్ బావా, రేపే జాయినింగు. అన్నట్టు, ఆవుల విభాగంలో పోస్టు పోయిన నెల్లోనే నిండిపోయింది. నీది కోళ్ల దాణా."