కుడి పక్క ఖాళీ

మందుల షాపులకు అమ్మే సాఫ్ట్‌వేర్ డెమో వీడియోకి ఆమె రాసిన స్క్రిప్టు ప్రింటును సేల్స్ మేనేజరు బల్ల మీద విసిరికొట్టాడు. "గడువు దగ్గరపడ్డ మందులు ఎర్రగా కనిపిస్తాయి" అన్న వాక్యం చూసి ఆయనకు ఒళ్లు మండింది.

"ఇదేమన్నా చిన్నపిల్లల పాఠమా? కొనేవాడు నోరెళ్లబెట్టాలి!" అంటూ ఆమె కంప్యూటర్లోని స్క్రిప్టులో దాని కింద తన వాక్యం టైపు చేశాడు: "ప్రిడిక్టివ్ ఇన్వెంటరీ ఇంటెలిజెన్స్ మీ వ్యాపారాన్ని నడిపిస్తుంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడమ పక్క చెప్పే మాట, కుడి పక్క అప్పుడు తెర మీద కనిపించేది రాయడం ఆమె పద్ధతి. ఆయన వాక్యానికి కుడి పక్క ఖాళీగా ఉంది. సాఫ్ట్‌వేర్ తెరిచి మౌస్‌ను ఆయన ముందుకు నెట్టింది.

"ఇది చెప్పేటప్పుడు ఎక్కడ నొక్కాలో చూపించండి, రికార్డు చేసుకుంటాను."

ఆయన మెనూలన్నీ తెరిచాడు, మూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏ మందు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పడమేగా దానర్థం?" అందామె.

"అదే! వచ్చే వెర్షన్‌లో పెడతారు. ఇప్పుడెవడు అడుగుతాడు? అర్థమైతే కదా అడగడానికి!"

ఆమె ఆయన వాక్యం కొట్టేసి, ఆ చోటే టైపు చేసింది: "ఏ మందు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పడం దీనికింకా చేతకాదు."

"మీ వాక్యమే సార్. కొనేవాళ్లకి అర్థమయ్యేలా రాశాను."